యాభై రెండులో ఇరవై ఏడు పోతే

(శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో ఏడాది విద్యార్థులతో, అక్కడే చదివి నాలుగేళ్ల బీఎస్సీ బీఈడీకి దరఖాస్తు పెట్టుకున్న పూర్వ విద్యార్థిని మాట్లాడిన పాఠం)

అందరికీ నమస్కారం. పోయినేడు ఈ గదిలోనే మూడో బెంచీలో కూర్చున్నాను. ఆ ఫ్యాను అప్పుడూ ఇలాగే టకటకలాడేది. (నవ్వులు) మొన్న లెక్కల సార్ ఫోన్ చేసి, "టీచరు ఎందుకవుదామనుకుంటున్నావో నువ్వు యూనివర్సిటీకి రాసి పంపిన ఆ కాగితం సంగతి మా పిల్లలకి వచ్చి చెప్పు" అన్నారు. అందుకే వచ్చాను. ప్రసంగం అంటే భయం గానీ, కాగితం సంగతి అయితే చెప్పగలను.

ముందు ఒకటి చెప్పేస్తాను, లేకపోతే మీరు అనవసరంగా కంగారుపడతారు. టీచరు చదువుకి అన్ని చోట్లా ఇలా రాయమని అడగరు. చిన్న తరగతుల టీచర్లని తయారుచేసే డైట్ కాలేజీల్లో రెండేళ్ల డీఈఎల్‌ఈడీకి డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్షలో ర్యాంకు చూస్తారు. ఇంటర్ అవగానే చేరే నాలుగేళ్ల డిగ్రీ, బీఈడీ కలిసిన కోర్సుకి చాలా చోట్ల ఎన్‌సీఈటీ అనే జాతీయ పరీక్ష ఉంది. కొన్ని యూనివర్సిటీలు మాత్రం పరీక్ష సరిపోదని, టీచరు ఎందుకవుదామనుకుంటున్నావో నీ మాటల్లో రాయమంటాయి. తర్వాత పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతాయి. నేను పెట్టింది అలాంటి చోట. ఐదొందల మాటలు దాటకూడదన్నారు.

నేను మొదట రాసింది చదువుతాను, నవ్వకండి. "ఉపాధ్యాయ వృత్తి సకల వృత్తులలోకెల్లా పవిత్రమైనది. బాల్యము నుండియు ఉపాధ్యాయురాలిని కావలెనని నా ప్రగాఢమైన ఆకాంక్ష. గ్రామీణ నిరుపేద బాలబాలికలకు విద్యాదానము చేయుట యందు..." (నవ్వులు) నవ్వొద్దన్నానా! ఇలాగే పేజీన్నర ఉంది. సార్ చదివి, "గిడుగు రామ్మూర్తి పుట్టిన జిల్లాలో పుట్టి ఈ భాషేమిటమ్మా" అన్నారు. భాష సరే, మార్చేస్తానన్నాను. అప్పుడు ఆయన ఇంకోటి అడిగారు. "రెండేళ్లు ట్యూషన్ చెప్పానని రాశావు. ఒక్క పిల్లాడి పేజీ గుర్తుందా? వాడు ఏం రాశాడు?"

గుర్తుంది. బాగా గుర్తుంది. ఎందుకంటే ఆ పేజీ మీద నేను వాణ్ని తిట్టాను.

మా ట్యూషన్ అంటే మీరు ఊహించుకునేంత ఏమీ లేదు. పదో తరగతి పరీక్షలయ్యాక మా వీధి పిల్లలు నలుగురు వచ్చారు. మా ఇంటి అరుగు, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా. ఆ టైముకి అమ్మలు పలాసలో జీడిపిక్కల పని నుంచి ఇంకా వచ్చేవారు కాదు. పిల్లల్ని ఎవరో ఒకరు చూడాలి, ఆ చూడటమే ట్యూషన్. కొన్నాళ్లకి పదకొండు మంది అయ్యారు. నెలకి వంద రూపాయలు తీసుకునేదాన్ని. ఇచ్చినవాళ్లు ఇచ్చారు, ఇవ్వనివాళ్లు కొబ్బరికాయలు పంపారు. నా కాగితంలో మొదట "ఉచితంగా" అని రాశాను, తర్వాత సిగ్గేసి కొట్టేశాను.

ఆ పదకొండు మందిలో మూడో తరగతి పిల్లాడు ఒకడు, నాలుగో తరగతి పిల్ల ఒకర్తి. వాళ్ల పేర్లు నా కాగితంలో లేవు, ఇక్కడా చెప్పను. వాళ్ల గురించి రాస్తున్నానని వాళ్ల అమ్మలకి చెప్పి రాశాను.

ఒక రోజు తీసివేతలు ఇచ్చాను. బోర్డు మీద వేస్తాను చూడండి. యాభై రెండులో ఇరవై ఏడు తీసెయ్యాలి. 52 − 27. జవాబు 25 రావాలి. వాడు 35 వేశాడు. ఆ పిల్లా 35 వేసింది. పక్కపక్కన కూర్చున్నారు కాబట్టి ఒకర్ని చూసి ఒకరు కాపీ కొట్టారనుకున్నాను. తర్వాత రోజు విడివిడిగా కూర్చోబెట్టినా ఇద్దరిదీ 35 అయ్యేసరికి, సరే, ఇద్దరికీ ఒకే పాఠం రాలేదనుకున్నాను. "పైన చిన్న అంకె, కింద పెద్ద అంకె ఉంటే పక్క నుంచి ఒకటి అప్పు తెచ్చుకోవాలి" అని మనందరికీ చెప్పినట్టే చెప్పాను. పది లెక్కలు వేయించాను. వాడికి వచ్చేసింది. ఆ పిల్లకి రాలేదు, మళ్లీ 35. చెప్పింది వినవు, నీ బుర్ర ఎక్కడుందని తిట్టాను. ముందు రోజు వాణ్నీ తిట్టాను లెండి.

రెండు మూడు రోజులు ఇదే. ఒక సాయంత్రం విసుగొచ్చి 52 − 27 వదిలేసి 61 − 25 ఇచ్చాను. 36 రావాలి. ఆ పిల్ల 46 వేసింది. అక్కడ నాకు ఏదో తేడా కొట్టింది. పిల్లాడి పాత నోటుబుక్కు తీసి చూశాను. బడిలో ఇదే లెక్క అంతకుముందే చేశాడు. వాడు వేసింది 44.

ఇప్పుడు మీరు చెప్పండి. ఇద్దరిదీ ఒకే తప్పయితే 61 − 25కి కూడా ఒకే తప్పు జవాబు రావాలి కదా? ఒకరిది 44, ఒకరిది 46 ఎందుకొచ్చింది?

పిల్లాడి పద్ధతి ఇది. ఒకట్ల స్థానంలో పైన 1, కింద 5. ఐదులోంచి ఒకటి తీశాడు, 4. పదుల స్థానంలో ఆరులోంచి రెండు, 4. నలభై నాలుగు. అంటే పైనా కిందా అని లేదు, ఏది పెద్దదైతే దాంట్లోంచి చిన్నది తీసేస్తున్నాడు. ఆ పిల్లది వేరు. తను అప్పు తెస్తోంది. పైన 1ని 11 చేసి, అందులోంచి 5 తీస్తే 6. సరిగ్గానే ఉంది. కానీ పదుల స్థానంలో ఆరుని ఐదు చెయ్యలేదు, ఆరు ఆరుగానే ఉంచి రెండు తీసింది, 4. నలభై ఆరు.

ఇప్పుడు 52 − 27 దగ్గరికి రండి. వాడు ఏడులోంచి రెండు తీస్తే 5. తను పన్నెండులోంచి ఏడు తీస్తే 5. పదుల్లో ఇద్దరికీ 3. ఇద్దరిదీ 35! లెక్కే అలాంటిది. కింది అంకెకీ పై అంకెకీ తేడా సరిగ్గా ఐదు ఉన్నప్పుడల్లా ఈ రెండు తప్పులూ ఒకే జవాబు దగ్గర కలుస్తాయి. మరి నేను వాళ్లని పరీక్షించడానికి ఎంచుకున్నది ఏ లెక్క? ఆ లెక్కే. ఏడు బదులు ఎనిమిది పెట్టి 52 − 28 ఇచ్చుంటే వాడు 36, తను 34 వేసేవారు, మొదటి రోజే తెలిసిపోయేది.

ఇంకో సంగతి. పిల్లాడిది నోటుబుక్కు, తనది పలక. పలక మీద చేసింది తుడిచేసి జవాబొక్కటే చూపించేది. పక్కన పన్నెండు వేసుకుందో లేదో నాకు కనపడలేదు. ఆ తర్వాత నుంచీ లెక్కలకి పలక మానిపించాను, రబ్బరూ లాక్కున్నాను. తప్పు రాస్తే అడ్డంగా ఒక గీత గీసి కింద మళ్లీ రాయాలి. పిల్లలకి ఇది అస్సలు నచ్చలేదు. రబ్బరుంటేనే వాళ్లకి చదువుకుంటున్నట్టు ఉంటుంది. (నవ్వులు)

ఇంతదాకా వచ్చాక వాళ్లనే అడిగాను. నిజానికి మొదటి రోజే అడగాల్సింది. "ఏటిరా, ఐదులోంచి ఒకటి ఎందుకు తీసినావు?" అన్నాను. వాడు నావైపు వింతగా చూసి, "పెద్దదాన్నుంచి సిన్నది తియ్యాలని నువ్వే సెప్పినావు కదేటి" అన్నాడు. నేనే చెప్పాను! వాడు రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒంటి అంకెల తీసివేతలు చెప్తూ అన్నమాట అది. ఎనిమిదిలోంచి మూడు తియ్యడానికి ఆ మాట పనికొచ్చింది. రెండంకెల లెక్కకొచ్చేసరికి వాడు దాన్నే పట్టుకున్నాడు. వాడు మాట వినకపోవడం కాదు, బాగా విన్నాడు.

ఆ పిల్లనీ అడిగాను. "ఒకటి అప్పు తెచ్చుకున్నావు కదా, మరి ఆరు ఐదు అవ్వాలి కదా?" అన్నాను. తను, "అప్పు తీర్చీసినానక్కా" అంది.

(నవ్వులు) నేనూ మీలాగే నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. తను అన్నదాంట్లో తప్పేముంది? అప్పు తెచ్చుకుంటే తీర్చాలి. వాళ్ల ఇంట్లో ప్రతి శనివారం అదే మాట వింటుంది. ఒకటి తెచ్చుకుంది, పని అయిపోయింది, తిరిగి ఇచ్చేసింది, ఆరు ఆరుగానే ఉంది. మనం లెక్కల్లో "అప్పు" అంటాం గానీ, అది అప్పు కాదు. తెచ్చినదాన్ని ఎప్పుడూ తిరిగి ఇవ్వం. అన్నేళ్లుగా నేను ఆ మాట అంటూనే ఉన్నాను గానీ, దీని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. మీరూ ఆలోచించి ఉండరు.

సరే, ఆ మాట తీసేసి ఏం పెట్టాలి? మా అమ్మ కొబ్బరి చీపురు విప్పాను. పుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టాను. యాభై రెండు అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. "ఇందులోంచి ఇరవై ఏడు ఇయ్యి" అన్నాను. తను రెండు కట్టలు ఇచ్చేసింది. ఏడు పుల్లలు ఇవ్వాలి, విడిగా రెండే ఉన్నాయి. కాసేపు చూసి, ఒక కట్ట విప్పింది. నేను చెప్పలేదు. ఇప్పుడు తన దగ్గర రెండు కట్టలు, పన్నెండు పుల్లలు. ఏడు ఇచ్చింది. రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగిలాయి. ఇరవై ఐదు.

"మరి అప్పు తీర్చవా?" అన్నాను. పుల్లలు చేతిలోకి తీసుకుని లెక్కపెట్టి, "మళ్లీ కట్టీడానికి పది నేవు కదక్కా, ఐదే ఉన్నాయి" అంది.

అప్పటి నుంచి మా అరుగు మీద "అప్పు తెచ్చుకో" అనే మాట లేదు. "కట్ట విప్పు" అంటాం. అప్పు పోయి విప్పు వచ్చింది. కాగితం చివరికి ఇంగ్లీషులో పంపాల్సి వచ్చింది కాబట్టి ఈ రెండు మాటలు నన్ను చాలా ఇబ్బంది పెట్టాయి. ఆఖరికి వాటిని తెలుగు మాటలుగానే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఒక్క వాక్యంలో అర్థం చెప్పాను. మీరూ ముందు తెలుగులో రాయండి. నేను నేరుగా ఇంగ్లీషులో మొదలుపెట్టిన ప్రతిసారీ నాకు వచ్చిన వాక్యాలే రాశాను గానీ, జరిగింది రాయలేదు.

వారం తర్వాత పుల్లలు దాచేసి పది లెక్కలు ఇచ్చాను. ఈసారి అంకెల తేడా ఐదు వచ్చేవి ఒక్కటీ పెట్టలేదు. ఏ తప్పు చేస్తే ఏ జవాబు వస్తుందో ముందే నా పుస్తకంలో రాసుకున్నాను. తను ఎనిమిది సరిగ్గా చేసింది. పోయిన రెండూ 80 − 36, 50 − 17. వాటికి 50, 40 వేసింది. నేను రాసుకున్న జవాబుల్లో అవి లేవు. అడిగితే, "సున్నాలో ఏటుంది తియ్యడానికి" అంది. అందుకని అక్కడ సున్నాయే దింపేసి, పదుల్లో తీసివేత చేసేసింది. ఇది మూడో రకం తప్పు.

కాగితంలో ఇది కూడా రాశాను. సార్ "ఎనిమిది వచ్చాయి దగ్గర ఆపేస్తే బాగుంటుందేమో" అన్నారు, నేను ఆపలేదు. సార్ ఇక్కడే ఉన్నారు కాబట్టి చెప్తున్నాను, ఇంటర్వ్యూలో వాళ్లు మొదట పట్టుకున్నది అదే. (నవ్వులు)

మొత్తం కాగితంలో సగానికి పైగా ఈ కథే. దీనికోసం చాలా తీసేశాను. వ్యాసరచన పోటీ బహుమతి తీసేశాను, అది దరఖాస్తులో సర్టిఫికెట్లు రాసే చోట ఎలాగూ ఉంది. పిల్లల పేదరికం గురించి ఒక పేరా ఉండేది, ఏడిపించేలా రాశాను. వాళ్ల కష్టం చూపించి నేను సీటు అడుగుతున్నట్టు అనిపించి అది కూడా తీసేశాను. జీడిపిక్కల పని, సాయంత్రం ఆరు గంటలు, ఈ రెండూ మాత్రం ఉంచాను. ట్యూషన్ ఎందుకు మొదలైందో దానివల్ల తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో ఇద్దరున్నారు, ఒక మేడమ్, ఒక సార్. మేడమ్ నా కాగితం ముందు పెట్టుకుని, "300 − 147 అయితే నీ పుల్లలతో ఎలా చెప్తావు?" అన్నారు. సున్నా దగ్గర ఆగిపోయిందని నేనే రాశాను కదా, ఇక్కడ సున్నాలు రెండున్నాయి. నాకు తెలీదు, ఎప్పుడూ చెయ్యలేదు అన్నాను. "ఇప్పుడు ఆలోచించు" అన్నారు. కాగితం మీద గీస్తూ చెప్పాను. పది కట్టలు కలిపితే ఒక మోపు అనుకుందాం. మూడు వందలంటే మూడు మోపులు, కట్టలు లేవు, విడి పుల్లలు లేవు. ఏడు పుల్లలు కావాలి. మోపు నుంచి నేరుగా పుల్లలు రావు. ముందు మోపు విప్పితే పది కట్టలు వస్తాయి, అందులో ఒక కట్ట విప్పితే పది పుల్లలు. ఇప్పుడు నా దగ్గర రెండు మోపులు, తొమ్మిది కట్టలు, పది పుల్లలు. ఒక మోపు, నాలుగు కట్టలు, ఏడు పుల్లలు ఇచ్చేస్తే మిగిలింది ఒక మోపు, ఐదు కట్టలు, మూడు పుల్లలు. నూట యాభై మూడు. ఆ మధ్యలో తొమ్మిది ఎక్కడి నుంచి వస్తుందో నాకే అప్పుడు కళ్లకి కట్టింది. మూడో తరగతి నుంచీ సున్నా మీద తొమ్మిది వేస్తూనే ఉన్నాను, ఎందుకు వేస్తున్నానో తెలియకుండా.

ఆ సార్ అడిగింది ఇంకా గట్టిది. "నువ్వు రాసిందంతా మూడు, నాలుగు తరగతుల పిల్లల గురించి. ఈ కోర్సు చేస్తే హైస్కూల్ టీచరువి అవుతావు. మరి ఇక్కడికెందుకు?" మీలో కొందరికి ఇది పనికొస్తుంది, వినండి. ఒకటి నుంచి ఐదు తరగతుల టీచరు పోస్టుకి బీఈడీ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది, దానికి డీఈఎల్‌ఈడీ ఉండాలి. చిన్నపిల్లలకే చెప్పాలనుంటే మీ దారి డైట్. శ్రీకాకుళం జిల్లాకి వమరవల్లిలో ఉంది.

నేను చెప్పిన జవాబు ఇది. ఎనిమిదో తరగతిలో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒక సమీకరణం చేసింది. x + 27 = 52. ఇరవై ఏడుని అటువైపు తీసుకెళ్లింది, గుర్తు మార్చింది, x = 52 − 27 అని రాసింది. అంతా సరిగ్గానే చేసింది. కింద x = 35 అని వేసింది. లెక్క మొత్తానికి ఇంటూ పడింది. సమీకరణాలు రావని పేరు పడింది. ఆ అమ్మాయికి సమీకరణాలు వచ్చు. రానిది మూడో తరగతి తీసివేత. హైస్కూల్లో దాన్ని ఎవరూ వెతకరు, ఆ పాఠం ఎప్పుడో అయిపోయిందని అనుకుంటారు. నాకు ఆ అమ్మాయి కాపీ ఇన్నేళ్ల తర్వాత గుర్తొచ్చింది, మా అరుగు మీద రెండు 35లు చూశాక. వాటిలో ఆమెది ఏ 35 అని ఇప్పటికీ అనుకుంటాను. లెక్కలో తేడా ఐదే కదా, తెలిసే దారి లేదు.

సార్ ఏమీ అనలేదు, రాసుకున్నారు. ఫలితం ఇంకా రాలేదు. ఎన్‌సీఈటీ కూడా రాశాను, డీఈఈసెట్టూ రాశాను, ఒక్క కాగితం మీద ఆధారపడేంత ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఇంటికెళ్లాక మూడు వందల పుల్లలూ నిజంగానే కట్టాను. ఇంట్లో చీపుర్లన్నీ అయిపోయాయి, మా అమ్మ ఒక వారం నన్ను చూస్తేనే చీపురు అడిగేది. ఆ పిల్ల మోపు విప్పి, కట్ట విప్పి, 153 తెచ్చింది. మర్నాడు 80 − 36 తనంతట తనే మళ్లీ చేసి చూపించింది.

సీటు వస్తే జూన్ తర్వాత నేను ఊళ్లో ఉండను. మా అరుగు మీద కూర్చోవడానికి మీలో ఎవరైనా వస్తే పుల్లలు, నా పుస్తకం ఇచ్చేస్తాను. ఇప్పుడు ఐదో తరగతి పిల్ల ఒకర్తి కొత్తగా వస్తోంది. తను వేసిన రెండు గుణకారాలు బోర్డు మీద రాస్తున్నాను.

34 × 6 = 304
27 × 4 = 168

మొదటిదానికి 204 రావాలి, రెండోదానికి 108. ఎక్కాలు తనకి గడగడా వచ్చు, అప్పజెప్పించి చూశాను. రెండిట్లోనూ చేసింది ఒకటే పని. నేను మొన్న రాత్రి కనుక్కున్నాను, చెప్పను. బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది, బయట వరండాలో కూర్చుంటాను. దొరికినవాళ్లు వచ్చి, 46 × 3కి తను ఎంత వేస్తుందో నాకు చెప్పండి.